ఛాతీ ఎక్స్‌రే చదవడం – 7వ పాఠం: సన్నని గీత, దాని అవతల ఖాళీ

గత పాఠంలో హైలం దగ్గర మొదలై కొమ్మలుగా చీలుతూ అంచుల వైపు సన్నబడే రక్తనాళాల నీడలను వెంబడించడం నేర్చుకున్నాం. ఆరోగ్యవంతుల ఫిల్మ్‌లో కూడా ఛాతీ గోడకు మరీ దగ్గరగా అవి దాదాపు కనిపించవని అక్కడే గమనించాం. ఈ పాఠానికి ఆ విషయం కావాలి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన స్థితిని న్యూమోథొరాక్స్ అంటారు. ఆ పేరు వినగానే చాలామంది నల్లగా ఉన్న చోటు కోసం వెతుకుతారు. నలుపును నమ్మి నిర్ణయానికి రాకూడదు. రోగి కాస్త పక్కకు తిరిగి నిలబడినా, శస్త్రచికిత్సలో ఒక రొమ్ము తీసేసి ఉన్నా ఒకవైపు ఎక్కువ నల్లగా పడుతుంది. ముందు గీత దొరకాలి, ఆ తర్వాతే దాని అవతల ఖాళీ ఉందో లేదో చూడాలి.

ఆ గీత ఏమిటో తెలిస్తే వెతకడం సులువవుతుంది. ఊపిరితిత్తిని అంటిపెట్టుకుని ఒక పలుచని పొర, ఛాతీ గోడ లోపలి వైపున మరో పొర ఉంటాయి. మామూలుగా రెండూ ఆనుకుని ఉంటాయి కాబట్టి లోపలి పొర విడిగా కనిపించదు. ఊపిరితిత్తి మీద చిన్న బొబ్బ పగిలి గాలి ఆ రెండింటి మధ్యకు చేరితే, సాగే గుణమున్న ఊపిరితిత్తి హైలం వైపు ముడుచుకుంటుంది. అప్పుడు లోపలి పొరకు ఒకవైపు ఊపిరితిత్తిలోని గాలి, మరోవైపు బయటికి వచ్చిన గాలి ఉంటాయి. రెండు నలుపుల మధ్య చిక్కిన ఆ పొర, మిల్లీమీటరు కూడా మందం లేని తెల్లని గీతగా బయటపడుతుంది. అది ఛాతీ గోడకు దాదాపు సమాంతరంగా సాగుతుంది, దాని వంపు బయటి వైపుకు ఉబ్బి ఉంటుంది.

ముడుచుకున్న ఊపిరితిత్తి తెల్లగా కనిపించాలి కదా అని కొత్తవాళ్లు అడుగుతారు. బాగా ముడుచుకునేదాకా అలా జరగదు. గాలి తగ్గిన కొద్దీ ఆ వైపు రక్తప్రవాహం కూడా తగ్గుతుంది కాబట్టి నీడ చిక్కదనం పెద్దగా మారదు. గీతకు లోపలి భాగం మామూలు ఊపిరితిత్తిలాగే ఉందని మోసపోకండి.

ఇప్పుడు అభ్యాసం కోసం అల్లిన ఒక కేసు చూద్దాం. వయసు 23, పొడుగ్గా సన్నగా ఉన్న యువకుడు, సిగరెట్ అలవాటుంది. కూర్చుని ఉండగానే కుడివైపు ఛాతీలో పొడిచినట్లు నొప్పి వచ్చింది, గాలి లోపలికి పీల్చినప్పుడు పెరుగుతోంది. కొంచెం ఆయాసం ఉంది, కానీ పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నాడు. రక్తపోటు బాగానే ఉంది. నిలబెట్టి ఫిల్మ్ తీశారు.

నిలబడిన మనిషిలో గాలి పైకి చేరుతుంది కాబట్టి శిఖర భాగంతో మొదలుపెట్టాలి. వెతకడానికి ఇబ్బందైన చోటు కూడా అదే. కాలర్ ఎముక, వెనుక పక్కటెముకలు అక్కడ ఒకదాని మీద ఒకటి పడి గీతను దాచేస్తాయి. అందుకే ఒక్కో పక్కటెముక అంచును చూపుతో చివరిదాకా అనుసరించండి. ఏ ఎముకకూ చెందకుండా, ఎముకల మధ్య ఖాళీని దాటుకుంటూ పోయే గీత ఉందా అని చూడండి. కంప్యూటర్ తెర మీదైతే బొమ్మను పెద్దది చేసి, నలుపు తెలుపులను తారుమారు చేసి మరోసారి చూడండి. ఫోనులో పంపుకున్న ఫోటో మీద మాత్రం ఈ పని చేయకండి. ఫైలు కుదించినప్పుడు ముందుగా మాయమయ్యేవి ఇంత సన్నని గీతలే.

ఈ కేసులో మూడో వెనుక పక్కటెముక కింద గీత దొరికింది. అక్కడి నుంచి బయటికి వంగి, ఛాతీ గోడ పక్కనే కిందికి దిగింది. లోపలి వైపు రక్తనాళాల కొమ్మలు గీత దాకా వచ్చి ఆగిపోయాయి, అవతల ఒక్కటి కూడా లేదు. కుడివైపు అడుగున, డయాఫ్రమ్ ఛాతీ గోడను కలిసే మూలలో ఒక చిన్న అడ్డగీత స్కేలుతో గీసినట్లు తిన్నగా ఉంది. శరీరంలో ఇంత తిన్నని గీత గాలి, ద్రవం కలిసే చోటే ఏర్పడుతుంది. శిఖరంలో గీత అనుమానంగా ఉన్నప్పుడు ఈ మూల మంచి ఆధారమవుతుంది. శ్వాసనాళం మధ్యలోనే ఉంది.

ఇక కొలత. హైలం మట్టంలో కుడి ఛాతీ సగం వెడల్పు 10 సెం.మీ., ఊపిరితిత్తి వెడల్పు 8 సెం.మీ., మధ్య ఖాళీ 2 సెం.మీ. చూడటానికి ఐదోవంతే పోయినట్లుంది. కానీ ఘనపరిమాణం వెడల్పు ఘనంతో మారుతుంది: 8 ఘనం 512, 10 ఘనం 1000. అంటే మిగిలింది సుమారు 51 శాతం, దాదాపు సగం పోయింది. బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2010 మార్గదర్శకాలు ఈ మట్టంలో 2 సెం.మీ. దాటితే పెద్దదని లెక్కకట్టడం వెనుక ఉన్నది ఈ గణితమే. 2023లో అదే సంస్థ కొలత కంటే రోగి ఇబ్బందికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చింది. అది సరైన మార్పని నా అభిప్రాయం. ఊపిరితిత్తి అన్ని దిక్కులా సమానంగా ముడుచుకుంటుందనే ఊహ మీద ఈ లెక్క నిలబడింది, నిజానికి ఎప్పుడూ అలా జరగదు.

గీతలా నటించేవి కొన్ని ఉన్నాయి. పడుకోబెట్టి తీసిన ఫిల్మ్‌లో, ముఖ్యంగా వృద్ధుల్లో, వీపు చర్మం ప్లేటు మీద మడత పడుతుంది. తేడా ఏమిటంటే మడత ఇచ్చేది అంచు, గీత కాదు. లోపలి నుంచి బూడిద రంగు క్రమంగా చిక్కబడి, అంచు దగ్గర హఠాత్తుగా నల్లబడుతుంది. రక్తనాళాలు దాన్ని దాటి వెళతాయి. చాలాసార్లు ఆ అంచు ఛాతీ గోడను కూడా దాటి బయటికి సాగుతుంది. భుజం వెనుక రెక్క ఎముక లోపలి అంచు కూడా ఇలాగే మోసగిస్తుంది. దాన్ని పైకీ కిందికీ అనుసరిస్తే ఎముకలో కలుస్తుంది. జడ శిఖరం మీద పడినా గీతలు వస్తాయి, పైకి తీసి కట్టించి మళ్లీ తీయించండి.

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు బుల్లాతో వస్తుంది. పాత క్షయ వల్ల గానీ, ఏళ్ల తరబడి పొగ వల్ల గానీ ఊపిరితిత్తి లోపలే పెద్ద గాలి గది ఏర్పడితే, అక్కడ కూడా రక్తనాళాలు కనిపించవు. దాని గోడ వంపు మాత్రం తిరగబడి ఉంటుంది: గుంట ఛాతీ గోడ వైపు చూస్తుంది. లోపల సన్నని పోగులు కూడా ఉండవచ్చు. న్యూమోథొరాక్స్ అనుకుని అందులో గొట్టం వేస్తే, లేని గాలి లీకును మన చేత్తో సృష్టించినట్లవుతుంది. రోగి నిలకడగా ఉండి అనుమానం మిగిలితే ముందు సీటీ తీయించాలి. పాత ఫిల్మ్ దొరికితే, అదే గోడ అప్పుడూ ఉందో లేదో చూస్తే చాలాసార్లు సందేహం తీరిపోతుంది.

ఆయాసం క్షణక్షణానికి పెరుగుతూ, రక్తపోటు పడిపోతూ, ఒకవైపు శ్వాస శబ్దం లేకుండా పోతే ఈ పాఠమంతా పక్కన పెట్టండి. గాలి ఒత్తిడి గుండెను తోసేస్తున్న ఆ స్థితిలో ఎక్స్‌రే కోసం ఆగకుండా గాలిని బయటికి తీయాలి.

వచ్చే పాఠం పడుకోబెట్టి తీసిన ఫిల్మ్ గురించి. అందులో గాలి ముందుకూ కిందికీ చేరుతుంది, శిఖరంలో గీత ఉండకపోవచ్చు. ఈలోగా ఒక లెక్క చేసి ఉంచుకోండి: ఛాతీ సగం వెడల్పు 12 సెం.మీ., ఊపిరితిత్తి 9 సెం.మీ. అయితే ఎంత శాతం పోయినట్లు? జవాబు వచ్చే పాఠం మొదట్లో ఉంటుంది.