కొలత తప్పని బొమ్మ కావాలంటే: ఏఐ జనరేటర్‌తో ఇమేజ్ గీయించేటప్పుడు జాగ్రత్తలు

పర్లాకిమిడిలో కొమ్ముతో చేసిన కొంగ బొమ్మను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడుతున్నారనుకుందాం. అసలు ఎత్తు 64 మి.మీ.

☐ ముందు స్కేలుతో కొలిచి రాసుకోండి. ప్రాంప్టులో "64 మి.మీ." అని రాసినా జనరేటర్ కొలవదు, తను చూసిన కొంగ బొమ్మల తీరులో గీసేస్తుంది.

☐ పక్కన పెట్టే వస్తువు సైజు మారనిదై ఉండాలి. పది రూపాయల బిళ్ళ అడ్డకొలత 27 మి.మీ., ఏటీఎం కార్డు పొడవు 85.6 మి.మీ. రూపాయి బిళ్ళ వద్దు, అది రకరకాల సైజుల్లో వచ్చింది.

☐ బిళ్ళ, కొంగ కెమెరాకు ఒకే దూరంలో ఉండాలి. బిళ్ళ వెనక్కి జరిగితే చిన్నదై, కొంగ పెద్దదిగా కనబడుతుంది. కొనేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

☐ వచ్చిన ఇమేజ్‌లో పిక్సెళ్ళు కొలవండి. బిళ్ళ 200 ఉంటే కొంగ సుమారు 474 ఉండాలి (200 × 64 ÷ 27). 640 వచ్చిందంటే కొంగ 86 మి.మీ. ఉన్నట్టు చూపిస్తోంది, పక్కన పడేయండి. బిళ్ళ ఏటవాలుగా ఉంటే పొడవైన వైపే కొలవాలి.

☐ జనరేటర్ గీసిన చెయ్యి ఎవరిదీ కాదు, దాని సైజు ఎవరికీ తెలియదు. చెయ్యే కావాలంటే మీ అరచేతిలో కొంగను పెట్టి నిజం ఫోటో తీయండి. చెయ్యి, కొంగ రెండూ మారకుండా మాస్క్ చేసి, వెనక దృశ్యం మాత్రమే మార్పించండి. అసలు ఇదే మేలైన దారి.

☐ ఇమేజ్ కింద ఎత్తు అంకెల్లో రాయండి.