నలభై దాటాక తలనొప్పి తీరు మారిందా? మాత్రల అట్ట కన్నా ముందు క్యాలెండర్ చూడండి

గుంటూరులో గైనిక్ ఓపీ చూస్తుంటా. తలనొప్పి అని వచ్చే నలభైల్లోని ఆడవాళ్ళలో చాలామంది చేతిలో ఎమ్మారై ఫిల్ము ఉంటుంది గానీ తలనొప్పి ఏ తేదీన వచ్చిందో రాసుకున్న కాయితం ఉండదు. రోహిణి కార్తె ఎండ అంటారు, మిర్చి ఘాటు అంటారు, తేదీలు మాత్రం అడిగితేనే గుర్తు చేసుకుంటారు.

సమస్య ఇలా ఉంటుంది: ఎప్పట్నుంచో నెలసరి ముందు ఒక్కరోజు వచ్చే మైగ్రేన్ ఇప్పుడు వారంలో రెండుసార్లు వస్తుంది, మూడురోజులు వదలదు, ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర ఉండదు. కారణం ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తక్కువవడం ఒక్కటే కాదు, అది గబుక్కున పడిపోవడం. నెలసరి ఆగేముందు కొన్నేళ్ళు అది ఓ నెల ఎక్కువ, ఓ నెల తక్కువ, కుదురుండదు, అందుకే ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ రక్తపరీక్ష రిపోర్టు ఒక్కటి పట్టుకుని ఏదీ తేల్చలేం. ఏడాది పాటు నెలసరి రాకుండా ఉండి హార్మోన్ కుదురుకున్నాక చాలామందికి మైగ్రేన్ తగ్గుతుంది. అండాశయాలు ఆపరేషన్‌లో తీసేస్తే మాత్రం ఆ దిగుడు ఒక్కసారిగా జరుగుతుంది, తలనొప్పి ముదురుతుంది.

మొదటి చెక్: గోడ క్యాలెండర్ మీద తలనొప్పి రోజుకి ఇంటూ, మాత్ర వేసిన రోజుకి సున్నా, రెండు నెలలు. నొప్పి మాత్రలు నెలలో పదిహేను రోజులు దాటి (రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే పది రోజులు దాటినా) మూడు నెలలుగా వేస్తుంటే ఆ మాత్రలే తలనొప్పి తెస్తుండొచ్చు, ముందు అది తేల్చుకోవాలి.

ఇక నన్ను బాగా ముంచిన కారణం. మన ఆంధ్రాలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎక్కువ, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్ఎఫ్‌హెచ్ఎస్-4 లెక్కలో దేశంలో మనమే ముందు, 15-49 ఏళ్ళ వాళ్ళలో 8.9 శాతం. వీళ్ళకి నెలసరి ఉండదు కాబట్టి తలనొప్పి దేనితో ముడిపడిందో చూపించే గుర్తే ఉండదు. ఒకావిడకి 44, గర్భసంచి 36లో తీశారు. ఆవిర్లకి ఈస్ట్రోజెన్ రకమైన ఈస్ట్రడయోల్ 2 మిల్లీగ్రాముల బిళ్ళ మొదలుపెట్టారు, ఆవిర్లు తగ్గాయి, తలనొప్పి మాత్రం పెరిగింది. "మేడం, ఆ హార్మోన్ బిళ్ళ నా ఒంటికి పడలేదు, ఆపేస్తా" అంది. నేనూ ఆపేద్దామనే అనుకున్నా, ఆవిడ కూతురు క్యాలెండర్ ఫోటో చూపించకపోతే ఆపేసేదాన్నే. నెలలో పదకొండు ఇంటూల్లో ఏడు ఒకేచోట గుంపుగా ఉన్నాయి. చీటీ చూస్తే 21 రోజులు వేసి 7 రోజులు ఆపమని రాసుంది. బిళ్ళ ఆపిన రెండోరోజు నుంచి నొప్పి మొదలు, మళ్ళీ వేసుకున్న ఒకట్రెండు రోజులకి తగ్గడం. అంటే ప్రతినెలా మనమే చేత్తో ఈస్ట్రోజెన్‌ని కింద పడేస్తున్నాం. గర్భసంచే లేనామెకి ఆ ఖాళీ వారంతో పనే లేదు.

అప్పుడు పాత డిశ్చార్జ్ సమ్మరీ తెమ్మన్నా. అందులో BSO అని ఉంది, అంటే రెండు అండాశయాలూ తీసేశారు, ఆవిడకే తెలీదు. అందుకే బిళ్ళ ఆపగానే ఒంట్లో ఆదుకునేది ఏదీ లేదు. అండాశయాలు వదిలేసినా అవి కొంచెం ముందే ఆగిపోయే అవకాశం ఎక్కువ, కాబట్టి ఆ కాయితం పారేయొద్దు.

చేసిన మార్పు: బిళ్ళ మాని ఈస్ట్రడయోల్ జెల్, ఒక నొక్కు, రోజూ ఒకే వేళకి, ఖాళీ లేకుండా. పొడి చర్మం మీద, చెయ్యి పైభాగంలోనో తొడకో రాసి, గంట వరకూ తడపకూడదు, పిల్లలకి అంటకూడదు. బిళ్ళ మింగితే మోతాదు ఎగిసి పడుతుంది, చర్మం ద్వారా అయితే నిలకడగా ఉంటుంది. జెల్ ధర కుదరనివాళ్ళకి అదే బిళ్ళని సగం పొద్దున, సగం రాత్రి ఇస్తుంటా, అంత బాగుండదు గానీ ఒకేసారి మింగడం కన్నా నయం. ఆరు వారాలు తీర్పు చెప్పొద్దన్నా. మూడోనెలకి ఇంటూలు నాలుగు.

గర్భసంచి ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వకూడదు, గర్భసంచి లోపలి పొర మందమైపోతుంది, దాన్ని అదుపులో ఉంచే ప్రొజెస్టరాన్ హార్మోన్ కలపాలి, నెలసరి ఆగి ఏడాది దాటితే రోజూ రాత్రి వేసుకునే పద్ధతి మైగ్రేన్‌కి మేలు, నెలలో కొన్ని రోజులే వేస్తే మళ్ళీ ఎత్తుపల్లాలు మొదలు. గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ జబ్బుకి గర్భసంచి తీసినవాళ్ళకి కూడా ప్రొజెస్టరాన్ కావాల్సి రావొచ్చు.

హార్మోన్ మొదలుపెట్టాక కొత్తగా కళ్ళ ముందు జిగ్‌జాగ్ వెలుగులు వస్తే మోతాదు ఎక్కువైందేమో చూడాలి, డాక్టర్‌కి చెప్పి తగ్గించుకోవాలి. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు సొంతంగా ఏదీ మొదలుపెట్టొద్దు.

ట్యూమర్ భయం చాలాసార్లు దండగ. ఒక్కసారిగా పిడుగులా వచ్చిన నొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి పడిపోవడం, యాభై దాటాక కొత్తగా కణత దగ్గర తాకితే నొప్పి, వీటికి మాత్రం క్యాలెండర్ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.