పేరెంట్స్ మీటింగులో టీవీ గురించి పది నిమిషాలు ఎలా మాట్లాడాలి?

మా అనంతపురం చుట్టుపక్కల పల్లెల్లో పేరెంట్స్ మీటింగుకు వచ్చే తల్లులు చాలామంది ఆ పూట కూలి మానుకుని వస్తారు. వాళ్లతో మనకు దొరికేది పది నిమిషాలే. ఆ కాస్త సేపూ "టీవీ చూస్తే కళ్లు పోతాయి, చదువు పోతుంది" అని చెబితే తలూపి వెళ్లిపోతారు, ఇంట్లో ఏదీ మారదు. టీచరుగా నేను చాలా ఏళ్లు అలాగే చెప్పాను. ఇప్పుడు గంటల లెక్క పక్కన పెట్టి ముందు ఒకే మాట అడుగుతున్నాను: మీ ఇంట్లో టీవీ ఎక్కడుంది, బిడ్డ ఎక్కడ కూర్చుని చదువుతుంది?

1. ఇంటి బొమ్మ గీయించండి (మూడు నిమిషాలు)

అందరికీ ఒక్కో తెల్ల కాగితం ఇచ్చి, ముందు గది గీయమనండి. టీవీకి ఒక డబ్బా, బిడ్డ కూర్చునే చోట ఒక చుక్క, ట్యూబులైటుకు ఒక గీత. రాయడం రాని వాళ్లు కూడా ఇది గీస్తారు. గీశాక చుక్క నుంచి డబ్బాకు వేలు పెట్టి చూపించమనండి. మధ్యలో గోడ గానీ తలుపు గానీ అడ్డం రాకపోతే ఆ బిడ్డ టీవీ ముందే చదువుతున్నట్టు. నా క్లాసులో ఎక్కువ కాగితాలు అలాగే వచ్చాయి.

ఇక్కడ తల్లిదండ్రులను తప్పు పట్టొద్దు. బిడ్డ అక్కడ కూర్చోవడానికి కారణం అడగండి. చాలా ఇళ్లలో మంచి లైటు, ఫ్యాను ఉండేది ముందు గదిలోనే. బిడ్డ టీవీ కోసం కాదు, వెలుతురు కోసం అక్కడికి వస్తుంది. ఈ సంగతి తెలియకుండా "లోపలి గదిలో చదివించండి" అంటే, ఆ బిడ్డను గుడ్డి వెలుతురులో కూర్చోమన్నట్టే అవుతుంది.

2. బిడ్డ చోట కూర్చుని చూడమనండి

ఆ రోజు సాయంత్రం టీవీ పెట్టి, బిడ్డ కూర్చునే చోటే నేల మీద కూర్చోమని చెప్పండి. మూడు సంగతులు చూడాలి. బొమ్మ కనబడుతోందా? ఎదుటి గోడ మీద గానీ పుస్తకం మీద గానీ టీవీ వెలుగు కదులుతోందా? మాటలు అర్థమయ్యేంతగా వినబడుతున్నాయా?

మూడోదాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. "టీవీ వైపు వీపు పెట్టి కూర్చోబెడతాం మేడం" అంటారు. వీపు పెడితే బొమ్మ పోతుంది గానీ మాట పోదు. చదివేటప్పుడు బిడ్డ మనసులో మాటలే నడుస్తుంటాయి. చెవిలో పడే డైలాగు వాటికి అడ్డం పడుతుంది. ఫ్యాను చప్పుడు అలా అడ్డం రాదు, ఎందుకంటే అందులో అర్థం ఉండదు. టీవీలో ఎవరో అరిచినప్పుడల్లా బిడ్డ తల తిప్పుతుంది, మళ్లీ ఏ లైను దగ్గర ఆగిందో వెతుక్కుంటుంది. గంట కూర్చున్నా ఒక పేజీ దాటకపోవడానికి ఇదొక కారణం. ఆ బిడ్డకు మొద్దు అని పేరు పెడుతుంటే నాకు బాధేస్తుంది.

3. ఒక ఇంటి సంగతి చెప్పండి

పేరు చెప్పకుండా ఒక ఇంటి కథ చెప్పండి. నేను చెప్పేది ఐదో తరగతి పాప ఇల్లు. రెండే గదులు. ముందు గది గోడలో కడపబండ అల్మరా, దాని మీద టీవీ. కేబుల్ వైరు, ప్లగ్గు అక్కడికే వచ్చాయి కాబట్టి టీవీని కదిలించడం కుదరదు. పాప దాని ఎదురుగా, ట్యూబులైటు కింద చదువుకునేది. రాత్రి 7 గంటలకు అవ్వ సీరియల్ మొదలవుతుంది. "మా అత్తకు పొద్దుటి నుంచీ ఉండేది అదొక్కటే మేడం, దాన్ని ఎట్ల మానమంటాను?" అని తల్లి అడిగింది. సరైన ప్రశ్నే.

అవ్వ సీరియల్ జోలికి పోలేదు. చదువు వేళను ముందుకు జరిపాం. పాప బడి నుంచి వచ్చి, ఆడుకుని, 5:30కి పుస్తకం తీయాలి. 7 దాకా టీవీ ఎవరూ పెట్టకూడదు. చీకటి పడేదాకా వాకిలి దగ్గరే కూర్చోవచ్చు. 7 తర్వాత లెక్కలు మిగిలితే లోపలి గదిలో చేసుకోవాలి, తలుపు దగ్గరగా వేసి. దానికోసం లోపల 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టారు. పాప కుడి చేత్తో రాస్తుంది కాబట్టి చేతి నీడ రాత మీద పడకుండా, బల్బు ఎడమ వైపు వచ్చేలా కూర్చోబెట్టారు. ఆ ఇంటికి అయిన ఖర్చు ఆ బల్బు ఒక్కటే.

పది రోజులకు ఇంకో చిక్కు వచ్చింది. హోంవర్కు వాట్సాప్ గ్రూపులో వస్తుంది. అది చూసుకోవాలని పాప ఫోను లోపలికి తీసుకెళ్లేది, చూశాక వీడియోల్లోకి పోయేది. పేజీలు తగ్గాయి, "ఇంకా రాయాలమ్మా" అనడం పెరిగింది. తల్లి పట్టుకున్నది ఆ మాటతోనే. అప్పటి నుంచి హోంవర్కును ముందు గదిలోనే నోటుబుక్కులోకి ఎక్కించుకుని, ఫోను టీవీ అల్మరాలో పెట్టేస్తుంది. నేను కూడా హోంవర్కు బోర్డు మీద రాసి, బడిలోనే ఎక్కించుకోమంటున్నాను. ఇది మా వైపు నుంచి ముందే జరగాల్సింది.

4. రూలు మూడు వాక్యాల్లో రాయించండి

ఎక్కువ రాస్తే ఎవరికీ గుర్తుండదు. ఆ ఇంట్లో టీవీ పక్కన అంటించిన కాగితం ఇది:

సాయంత్రం 5:30 నుంచి 7 దాకా టీవీ ఆఫ్, నాయనకైనా సరే.
చదివే చోట ఫోను ఉండదు.
అన్నం తినేటప్పుడు, పడుకునే ముందు గంట సేపు పాపకు టీవీ, ఫోను లేవు.

మొదటి వాక్యంలో "నాయనకైనా" అన్న మాటే అసలు రూలు. పెద్దవాళ్లు న్యూస్ పెట్టుకుని పిల్లలను చదవమంటే వారం కూడా నిలవదు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు ఏం చేయాలో ముందే మాట్లాడుకోమనండి. ఆ రోజుకు మినహాయింపు ఇస్తే ఇచ్చినట్టు చెప్పాలి, ఎవరూ దొంగచాటుగా పెట్టకూడదు.

"మరి మొత్తం ఎంతసేపు చూడొచ్చు?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది ఇదీ: రెండేళ్ల లోపు బిడ్డకు తెర అసలు వద్దు, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దు, ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపే. ఫోనూ టీవీ కలిపి లెక్క. చంటిబిడ్డ అన్నం తినడానికి ఫోను చేతికిచ్చే అలవాటు ఈ లెక్కలోకే వస్తుందని ఒక్కసారి చెప్పి వదిలేయండి. ఎవరినీ వేలెత్తి చూపొద్దు.

5. క్యాలెండర్ తెమ్మనండి

ఇంటి గోడకున్న క్యాలెండర్‌లోనే, రూలు నిలిచిన రోజు పెన్నుతో టిక్కు పెట్టమనండి. టిక్కు పెట్టేది బిడ్డే. మొదటి వారం నాలుగు టిక్కులొస్తే చాలు. ఏడుకు ఏడు వచ్చిన కాగితాన్ని నేను నమ్మను, మనల్ని మెప్పించడానికి పెట్టినవి అయి ఉంటాయి. వరసగా మూడు రోజులు ఖాళీగా ఉంటే తిట్టొద్దు, ఆ మూడు రోజులూ ఏం జరిగిందని అడగండి. ఆ పాప ఇంట్లో ఒకసారి అలా ఖాళీ వచ్చింది. అడిగితే లోపలి గది బల్బు కాలిపోయిందని తెలిసింది.