సబ్బు ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు: గాగుల్స్ తీసే సమయం ఇంకా రాలేదు

సైన్స్ ఫెయిర్లు దగ్గర పడితే హరిత రసాయన శాస్త్రం కింద చాలామంది ఎంచుకునేవి రెండే: నూనెతో సబ్బు, స్టార్చ్‌తో ప్లాస్టిక్. సబ్బుకు వాడే కాస్టిక్ సోడా కంట్లో పడిందన్న కబురు వినిపించేదీ ఈ రోజుల్లోనే. చేతులకు తొడుగులు, పక్కన పెద్దవాళ్లు, గాలి ఆడే చోటు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. సోడాను నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదన్నది కూడా ఇప్పటికే చదివే ఉంటారు.

కళ్లు పోగొట్టే తప్పు దాని తర్వాత జరుగుతుంది. సోడా కరిగేదాకా గాగుల్స్ పెట్టుకుంటారు. ద్రావణం తేటపడగానే ప్రమాదం గడిచిందనుకుని తీసేస్తారు. నిజానికి కరిగిన సోడా ఎక్కడికీ పోలేదు. చల్లారేటప్పుడు ఉంది, నూనెలో పోసేటప్పుడు ఉంది, కలిపేటప్పుడు, అచ్చులో పోసేటప్పుడు, మర్నాడు ముక్కలు కోసేటప్పుడు, గిన్నె కడిగేటప్పుడు కూడా ఉండవచ్చు. గిన్నెలు కడిగి ఆరబెట్టేదాకా గాగుల్స్ తీయకండి. చూపు అద్దాలు వీటికి బదులు కావు, పక్కల నుంచి చుక్క లోపలికి వస్తుంది. ముఖానికి అంటుకుని నాలుగు వైపులా మూసి ఉండే గాగుల్స్ కావాలి.

కంటికే ఇంత భయం ఎందుకంటే, ఆమ్లం చాలావరకు పైన ఉన్న ప్రొటీన్లను గడ్డకట్టించి తనకు తానే అడ్డుగోడ కట్టుకుంటుంది. కాస్టిక్ సోడా లాంటి క్షారం అలా ఆగదు. కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగుతుంది. వేలి మీద సోడా నీళ్లు పడితే జారుడుగా అనిపించేదీ అందుకే: అది మీ చర్మపు కొవ్వు సబ్బవుతున్న జారుడు. మంట తర్వాత తెలుస్తుంది.

ఇక కొలతలు. 100 గ్రాముల కొబ్బరి నూనె పూర్తిగా సబ్బు కావడానికి సుమారు 18.3 గ్రాముల కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్ పడుతుంది. అంతా వేయరు. కొంచెం నూనె మిగలాలని 5 శాతం తగ్గించి 17.4 గ్రాములు వేస్తారు, 35 గ్రాముల చల్లని నీళ్లతో. ఆ తగ్గింపు 0.9 గ్రాములు మాత్రమే. ఒక్కో గ్రాము చొప్పున చూపే వంటింటి తూకంలో ఆ కాస్త తేడా కలిసిపోతుంది. 0.1 గ్రాము చూపే తూకం లేకపోతే ఈ ప్రాజెక్టు చేయకండి. చెంచాలతో అసలు కొలవకండి. రేకులు, గుళికలు, పొడి ఒకే చెంచాలో ఒకే బరువు తూగవు.

కొబ్బరి నూనె అయిపోయిందని అదే లెక్కతో పొద్దుతిరుగుడు నూనె పోశారనుకుందాం. దాని 100 గ్రాములకు పూర్తిగా సరిపోయే సోడా 13.5 గ్రాముల దరిదాపు మాత్రమే. 17.4 వేస్తే దాదాపు 4 గ్రాములు వాడకం కాకుండా సబ్బులోనే ఉండిపోతుంది. నెలల తరబడి ఆరబెట్టినా ఇంత పెద్ద మిగులు పోతుందని నమ్మకం పెట్టుకోకూడదు. నూనె మారితే లెక్క మారాలి. వాడేసిన నూనెల మిశ్రమమైతే ఏది ఎంతుందో తెలియదు కాబట్టి, అందులో ఉండగల నూనెల్లో తక్కువ సోడా అడిగేదాని లెక్కే తీసుకోండి.

ఇందులో ఒక మోసం ఉంది. సబ్బుల శుభ్రపరిచే శక్తిని పోల్చేటప్పుడు నూనె మరకల మీద ఆ సోడా ఎక్కువైన సబ్బే గెలిచే అవకాశం ఉంది, క్షారం కూడా జిడ్డును వదిలిస్తుంది కాబట్టి. పట్టికలో అది మంచి ఫలితంలా కనిపిస్తుంది. గెలిచిన సబ్బును చేత్తో రుద్ది చూపించాలనిపిస్తుంది కూడా. అందుకే పోలికకు ముందే ప్రతి సబ్బునూ పరీక్షించండి: కొద్దిగా తురిమి నీళ్లలో కరిగించి పీహెచ్ కాగితం ముంచండి. మామూలు సబ్బుకు 9, 10 దగ్గర ఉంటుంది. 11 దాటితే ఆ సబ్బు పోటీలో లేదు, ఎవరి చర్మానికీ తగలకూడదు. మిగిలినవాటిని ఒక్కో గ్రాము చొప్పున 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో కరిగించి, ఒకే గుడ్డలోంచి కత్తిరించిన, ఒకే మరక ఉన్న ముక్కలను ఒకే సమయం నానబెట్టి ఒక్కలాగే కదపండి. ఒక ముక్కను ఉత్త నీళ్లలో పెట్టండి, అది లేకుండా పోలికకు అర్థం లేదు. సబ్బు నీళ్లు చిమ్ముతాయి, ఇక్కడా గాగుల్స్ ఉండాలి.

స్టార్చ్ ప్లాస్టిక్‌లో సోడా బాధ లేదు. కానీ చిక్కబడ్డ ముద్ద ఉడికేటప్పుడు బుడగలు పేలి ఎగురుతాయి, చర్మానికి అతుక్కుని కాలుస్తాయి. మంట తగ్గించి, గరిటె ఆపకుండా కలపండి. పదార్థాల జాబితాలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటే వెనిగర్ వాడండి, పని జరుగుతుంది. బలం పోల్చేటప్పుడు అన్ని పట్టీలనూ ఒకేచోట, ఒకే మందంలో, ఒకేకాలం ఆరబెట్టండి. తేమలో తేడా వస్తే మీరు కొలిచేది ప్లాస్టిక్ మెత్తగా వంగడానికి కలిపిన గ్లిజరిన్ ప్రభావాన్ని కాదు. బరువు వేలాడదీసి తెంపేటప్పుడు పట్టీ ఎగిరి ముఖానికి కొడుతుంది. గాగుల్స్.

సబ్బు దగ్గరికి మళ్లీ వస్తే, ఇవి వరసగా చదివి, గోడకు అంటించి, అప్పుడు మొదలుపెట్టండి.

అల్యూమినియం గిన్నె వద్దు. సోడా దాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. స్టీలు గిన్నె, లేదా అడుగున 5 అంకె ఉన్న గట్టి ప్లాస్టిక్ పాత్ర వాడండి.

గాజు వద్దు. ద్రావణం 80 డిగ్రీలు దాటవచ్చు, గాజు పగిలితే అదంతా మీ కాళ్ల మీదకే.

మురుగు గొట్టాలు శుభ్రం చేసే పొడులు వాడకండి. కొన్నింటిలో అల్యూమినియం ముక్కలు కలిపి ఉంటాయి.

సోడాను నాలుగైదు విడతల్లో వేయండి. ముఖం గిన్నె మీదకి వంచకండి, ఆవిరి పీల్చకండి.

చల్లారుతున్న ద్రావణం చూడటానికి మంచినీళ్లే. తాగే గ్లాసులో, నీళ్ల సీసాలో పోయకండి. ఒక్క నిమిషానికి కూడా పోయకండి. గిన్నె మీద మూత, మూత మీద పెద్ద అక్షరాలతో పేరు, పక్కన మనిషి.

100 గ్రాముల నూనెకు కరెంటు బ్లెండర్ పెట్టకండి. బ్లేడు మునగదు, చిమ్ముతుంది. చేత్తో కలపండి, అర గంటైనా కలపండి. విసుగొచ్చి గాగుల్స్ తీసేది ఇక్కడే. తీయకండి.

నూనె చల్లబడి గట్టిపడితే సబ్బు చిక్కబడిందని పొరబడతారు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. 40 డిగ్రీల దగ్గర ఉంచి కలపండి. గరిటెతో పైన గీసిన గీత నిలబడాలి.

మర్నాడు అచ్చు పైన నీళ్లు తేలినా, కోసిన ముక్కలో తడి గుంటలు కనిపించినా అవి ఉత్త నీళ్లనుకోకండి. కలవని సోడా కావచ్చు. కత్తి దిగినప్పుడు చిమ్మేదీ అదే. కోసేటప్పుడు గాగుల్స్.

నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వండి. రేపు ప్రదర్శన ఉందని ఇవాళ సబ్బు చేయకండి.

చర్మం మీద పొడి సోడా పడితే ముందు దులపండి, తర్వాత ధారగా నీళ్లు పోయండి. తడిసిన బట్టలు విప్పేయండి.

నిమ్మరసం, వెనిగర్ పోసి విరుగుడు చేయాలని చూడకండి. వేడి పుడుతుంది, సమయం పోతుంది.

కంట్లో పడితే అద్దం వెతకకండి, ఎవరినీ అడగకండి. రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని కుళాయి ధార కింద పెట్టండి. కాంటాక్ట్ లెన్సు ఉంటే కడుగుతూనే తీయండి. తక్కువలో తక్కువ 30 నిమిషాలు గడియారం చూసి కడగండి. మంట తగ్గిందని ఆపకండి. ఈలోపు ఇంకొకరు కంటి ఆసుపత్రికి బండి సిద్ధం చేయాలి, సోడా డబ్బా వెంట తీసుకెళ్లాలి.