ల్యాండెడ్ కాస్ట్ నేర్చుకుందాం, పాఠం 4: ఒకే షిప్‌మెంట్‌లో రెండు ఐటమ్స్ వస్తే ఖర్చు ఎలా పంచాలి

ల్యాండెడ్ కాస్ట్ అంటే సరుకు మన గోడౌన్‌కి చేరేసరికి పడే మొత్తం ఖర్చు. పోయిన పాఠంలో ఒకే ఐటమ్ ఉన్న షిప్‌మెంట్ చేశాం కదా, అది సుఖం, అన్ని బిల్లులూ కూడి పీసుల సంఖ్యతో భాగిస్తే అయిపోయింది. అసలు తలనొప్పి రెండో ఐటమ్ దగ్గర మొదలవుతుంది. ఓడ రవాణా ఏర్పాటు చేసే ఫార్వర్డర్ ఇచ్చే ఫ్రైట్ బిల్లు ఒకటే, కస్టమ్స్ పని చూసే ఏజెంట్ బిల్లు ఒకటే, ట్రక్ వాడి బిల్లూ ఒకటే, వాటిలో ఏ ఐటమ్ వాటా ఎంతో ఎవరూ రాసివ్వరు, మనమే తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడ షార్ట్‌కట్ కొడతారు, మొత్తం ఖర్చుని ఇన్వాయిస్ డాలర్లతో భాగించేసి "డాలర్‌కి ఇంత పడింది" అని ఒక నంబర్ పట్టుకుని అన్ని ఐటమ్స్‌కీ అదే వేసేస్తారు. ఆ నంబర్ ఎంత మోసం చేస్తుందో ఈ పాఠంలో చూద్దాం.

మన కరెన్సీని ఉత్తినే "లోకల్" అందాం, ఏ దేశం వాళ్లైనా వాళ్ల కరెన్సీ పెట్టుకోవచ్చు. రేట్లన్నీ కూడా లెక్క కోసం నేను అనుకున్నవే.

కేసు ఇది. ఒకే సప్లయర్ దగ్గర ఎఫ్ఓబీ మీద, అంటే ఓడ ఎక్కించేదాకా ఖర్చు సప్లయర్‌ది, ఆ తర్వాతది మనది అన్న లెక్కన, రెండు ఐటమ్స్ కొన్నాం. స్టీల్ తాళాలు 2000, ఒక్కోటి 1.50 డాలర్లు, అంటే 3000 డాలర్లు. ప్లాస్టిక్ బుట్టలు 1000, ఒక్కోటి 2 డాలర్లు, అంటే 2000. తాళాలు మొత్తం కలిపి 1 క్యూబిక్ మీటర్, బరువు 600 కిలోలు. బుట్టలు బరువు 300 కిలోలే కానీ 4 క్యూబిక్ మీటర్లు తింటాయి. కంటైనర్ నిండదు కాబట్టి ఎల్‌సీఎల్‌లో, అంటే వేరేవాళ్ల సరుకుతో కలిసి ఒకే కంటైనర్‌లో వస్తున్నాయి, ఫ్రైట్ క్యూబిక్ మీటర్‌కి 60 డాలర్లు, మొత్తం 300. ఇన్సూరెన్స్ 50.

ఎల్‌సీఎల్‌లో ఒక క్యూబిక్ మీటర్ లేదా ఒక టన్ను, ఏది ఎక్కువైతే దానికి ఛార్జ్ చేస్తారు. మన సరుకు 0.9 టన్ను, 5 క్యూబిక్ మీటర్లు, సో చోటే ఛార్జ్ అవుతోంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఫ్రైట్ ఎలా పంచాలో తెలిసిపోతుంది, వాడు దేన్ని చూసి బిల్లు వేశాడో దాన్ని చూసే మనమూ పంచాలి. తాళాలకి 60 డాలర్లు, బుట్టలకి 240. విలువని బట్టి పంచితే తాళాలకి 180 పడేది, అంటే బుట్టల చోటుకి తాళాలు అద్దె కట్టినట్టు. ఇన్సూరెన్స్ మాత్రం విలువ చూసి వేస్తారు కాబట్టి విలువ ప్రకారమే, తాళాలకి 30, బుట్టలకి 20.

షీట్‌లో ఇది ఒక్క లైన్ పని. C2, C3లో వాల్యూమ్, B10లో ఫ్రైట్ మొత్తం ఉంటే తాళాల వాటా:

```
=B$10*C2/SUM(C$2:C$3)
```

దీన్నే కింద గడిలోకి లాగితే బుట్టల వాటా వచ్చేస్తుంది. డాలర్ గుర్తులు వదిలేస్తే మాత్రం లాగినప్పుడు B10 కాస్తా B11 అయిపోయి సున్నా చూపిస్తుంది, నేను ఒకసారి పూట మొత్తం దీని మీదే పోగొట్టుకున్నా.

ఇప్పుడు ఎక్స్‌ఛేంజ్ రేటు. "డాలర్ ఎంత?" అంటే ఒకే జవాబు అనుకుంటాం గానీ ఒక్క షిప్‌మెంట్‌లోనే మూడు నాలుగు రేట్లు తిరుగుతుంటాయి. మన కేసులో ఆర్డర్ ఇచ్చిన రోజు 30 శాతం అడ్వాన్స్ కట్టాం, 1500 డాలర్లు, అప్పుడు బ్యాంకు రేటు 49. సరుకు ఓడ ఎక్కిన రోజు మిగతా 3500 కట్టేశాం, అప్పటికి రేటు 52. మొదటిది 73,500, రెండోది 1,82,000, మొత్తం 2,55,500 లోకల్, అంటే సరుకు విషయంలో మనకి డాలర్ సగటున 51.10 పడింది. ఫార్వర్డర్ ఫ్రైట్, ఇన్సూరెన్స్ రెండూ ఉన్న తన బిల్లుని 53 మీద మార్చాడు, వాళ్లు బ్యాంకు రేటు మీద కాస్త వేసుకోవడం మామూలే, కొటేషన్ తీసుకునేటప్పుడే "ఏ రేటు మీద మారుస్తారు" అని అడగండి. ఇక కస్టమ్స్ వాళ్ల రేటు వాళ్లది, వాళ్లే ప్రకటిస్తారు, మన బ్యాంకు ఎంతకి ఇచ్చిందో వాళ్లకి అనవసరం. ఇక్కడ అది 50 అనుకుందాం. డ్యూటీ లెక్కకి తప్ప ఆ 50ని ఇంకెక్కడా వాడొద్దు. గూగుల్‌లో కనబడే రేటు అయితే దేనికీ వాడొద్దు, ఆ రేటుకి మనకి ఎవరూ డాలర్లు ఇవ్వలేదు.

అప్పు మీద కొని సరుకు వచ్చిన రెండు నెలలకి డబ్బు కడితే? అప్పుడు మధ్యలో రేటు పెరిగితే వచ్చిన తేడాని సరుకు కాస్ట్‌లో కలపకూడదు, ఐఏఎస్ 21 అనే అకౌంటింగ్ స్టాండర్డ్ ప్రకారం అది లాభనష్టాల్లోకి విడిగా వెళ్తుంది. సరుకుని పుస్తకాల్లోకి తీసుకున్న రోజు రేటే దాని కాస్ట్. ధర పెట్టేటప్పుడు మాత్రం ఆ రిస్క్ మనసులో ఉంచుకోవాల్సిందే, అది వేరే లెక్క.

డ్యూటీకి వద్దాం. ముందు మీ దేశం దేని మీద డ్యూటీ వేస్తుందో తెలుసుకోండి. డబ్ల్యూటీఓ వాల్యుయేషన్ అగ్రిమెంట్ ఓడ ఫ్రైట్‌నీ ఇన్సూరెన్స్‌నీ కలపాలా వద్దా అన్నది ఆయా దేశాలకే వదిలేసింది. యూరోపియన్ యూనియన్ కలుపుతుంది, అమెరికా కలపదు. మన కేసులో కలుపుతారనుకుందాం, అంటే సీఐఎఫ్ మీద.

తాళాల సీఐఎఫ్ 3000, 60, 30 కలిపి 3090 డాలర్లు. 50 రేటు మీద 1,54,500 లోకల్, డ్యూటీ 10 శాతం, 15,450. బుట్టల సీఐఎఫ్ 2260, అంటే 1,13,000, డ్యూటీ 20 శాతం, 22,600. చూశారా, బుట్టలు పెద్దవి కాబట్టి ఫ్రైట్ ఎక్కువ పడింది, ఆ ఫ్రైట్ మీద మళ్లీ డ్యూటీ పడింది. ఒక జాగ్రత్త, మీ ఏజెంట్ కస్టమ్స్‌కి ఇచ్చిన డిక్లరేషన్‌లో ఫ్రైట్‌ని విలువ ప్రకారం పంచి ఉండొచ్చు, అప్పుడు డ్యూటీ ఈ అంకెలకి తేడాగా వస్తుంది. అలాంటప్పుడు మన లెక్కే రైటని మొండికేయకుండా డిక్లరేషన్‌లో ఏ లైన్‌కి ఎంత డ్యూటీ కట్టామో అదే తీసుకోండి, డ్యూటీ పంచాల్సిన ఖర్చు కాదు, అది లైన్‌వారీగానే వస్తుంది. ఇక దిగుమతి మీద కట్టిన వ్యాట్ లాంటి పన్ను మీకు తిరిగి క్రెడిట్ వస్తుందంటే అది కాస్ట్ కాదు, కలపొద్దు. రాదంటే కలపాలి.

క్లియరింగ్ ఛార్జీలని ఒక మూటగా చూడొద్దు, బిల్లు విప్పి లైన్ లైన్ చదవండి. మనకి వచ్చినవి ఇవి: గోదాంలో దించి విడదీసినందుకు క్యూబిక్ మీటర్‌కి 1,500 చొప్పున 7,500, మన గోడౌన్‌కి ట్రక్ 5,000, డెలివరీ ఆర్డర్ ఇంకా ఏజెంట్ ఫీజు కలిపి 6,000, బ్యాంకు ఛార్జీలు 1,500. మొదటి రెండూ చోటుకి సంబంధించినవి, మొత్తం 12,500, తాళాలకి 2,500, బుట్టలకి 10,000. కాగితాల ఖర్చుకి మాత్రం నిజంగా న్యాయమైన పద్ధతంటూ ఏదీ లేదు, 1 క్యూబిక్ మీటర్ వచ్చినా 10 వచ్చినా అదే ఫీజు. నేను విలువ ప్రకారం పంచుతా, ఏజెంట్ ఫీజు 3,600, 2,400 గానూ, బ్యాంకువి 900, 600 గానూ. మీరు వేరేలా పంచినా పర్లేదు గానీ నెలకో పద్ధతి మార్చకండి.

డెమరేజ్ పడితే? కాగితాలు లేటై సరుకు పోర్ట్‌లో ఆగి అద్దె కట్టాల్సి వస్తే నేను దాన్ని పీస్ కాస్ట్‌లో వెయ్యను, విడిగా ఖర్చు రాస్తా. ఒకసారి కలిపేశా, ఆ బ్యాచ్ కాస్ట్ ఎక్కువ కనబడి ధర పెంచా, తర్వాత షిప్‌మెంట్ సాఫీగా వచ్చాక గానీ అర్థం కాలేదు అది ఐటమ్ తప్పు కాదు, మా లేటు అని.

ఇప్పుడు కూడదాం. తాళాలు: సరుకు 1,53,300, ఫ్రైట్ ఇన్సూరెన్స్ 90 డాలర్లు 53 మీద 4,770, డ్యూటీ 15,450, చోటు ఖర్చు 2,500, కాగితాలు 3,600, బ్యాంకు 900. మొత్తం 1,80,520, 2000తో భాగిస్తే పీస్ 90.26.

బుట్టలు: సరుకు 1,02,200, ఫ్రైట్ ఇన్సూరెన్స్ 260 డాలర్లు 13,780, డ్యూటీ 22,600, చోటు 10,000, కాగితాలు 2,400, బ్యాంకు 600. మొత్తం 1,51,580, పీస్ 151.58.

రెండు మొత్తాలూ కలిపితే 3,32,100 రావాలి, జేబులోంచి పోయింది కూడా అంతే ఉండాలి. ఈ సరిచూపు తప్పకుండా చెయ్యండి, పైసా తేడా వచ్చినా ఏదో బిల్లు రెండుసార్లు పడిందనో అసలు పడలేదనో అర్థం.

ఇక షార్ట్‌కట్ సంగతి. 3,32,100ని 5000 డాలర్లతో భాగిస్తే డాలర్‌కి 66.42. దాని ప్రకారం తాళం 99.63, బుట్ట 132.84. బజారులో తాళం 98కీ బుట్ట 140కీ అమ్ముడుపోతుందనుకోండి. షార్ట్‌కట్ ఏం చెబుతుంది, తాళాలు నష్టం, మానెయ్, బుట్టలు బాగున్నాయి, ఇంకా తెప్పించు అని. అసలు లెక్కలో తాళం మీద 7.74 మిగులుతోంది, బుట్ట మీద 11.58 పోతోంది. పూర్తిగా తలకిందులు! పైగా బుట్టలు ఎక్కువ తెప్పించేకొద్దీ నష్టం పెరుగుతూ పోతుంది, ఇటు షీట్‌లో మాత్రం అంతా పచ్చగా కనబడుతుంటుంది.

ఇంకోటి, భాగించేది ఇన్వాయిస్‌లో ఉన్న పీసులతో కాదు, అమ్మకానికి పనికొచ్చే పీసులతో. బుట్టల్లో 40 పగిలి వచ్చాయనుకోండి, ప్రతిసారీ అలా కొన్ని పగలడం మామూలే అయితే 960తో భాగించాలి, పీస్ 157.90 అవుతుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వస్తే ఆ డబ్బు ముందు మొత్తంలోంచి తీసేసి అప్పుడు భాగించండి.

ఈసారి హోంవర్క్. సప్లయర్ బుట్టలని ఒకదాంట్లో ఒకటి దూర్చి ప్యాక్ చేస్తానన్నాడు, 4 క్యూబిక్ మీటర్లు కాస్తా 2 అవుతాయి. ఫ్రైట్, గోదాం ఛార్జీ రెండూ క్యూబిక్ మీటర్‌కి పాత రేటే, ట్రక్ మాత్రం అదే 5,000, మిగతావేవీ మారలేదు. బుట్ట ఎంత పడుతుందో చేసి చూడండి, 140కి అమ్మితే గిట్టుతుందా లేదా? తాళం కాస్ట్ కూడా కొంచెం మారుతుంది, పెరుగుతుందా తగ్గుతుందా అన్నది ట్రక్ బిల్లు దగ్గర ఆగి చూస్తే తెలుస్తుంది. జవాబులు పాఠం 5 మొదట్లో.