నెల్లూరులో మ్యూజియం గదికి హ్యూమిడిఫైయర్ కొనే ముందు: తేమ లెక్క, మిషన్ ఎంపిక, గోడ సంగతి

మే నెలలో పడమటి గాలి మొదలవగానే మ్యూజియం చూసుకునేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. బయట ఎండ 42 డిగ్రీలు, ఫోన్‌లో తేమ 25 శాతం అని చూపిస్తుంది. తాటాకు ప్రతులు పెళుసెక్కిపోతాయేమో, ఉదయగిరి చెక్క గరిటెలు పగులుతాయేమో అని ఎవరో ఒకరు హ్యూమిడిఫైయర్ కొందామంటారు. కొనండి, కాదనను. కానీ ముందు లెక్క వేయండి. మన జిల్లాల్లో ఏసీ గదికి ఏడాదిలో ఎక్కువ రోజులు కావాల్సింది తేమ కలిపే మిషన్ కాదు, తీసేసే మిషన్. ఈ సంగతి తెలియక కలిపే మిషన్ కొని, నవంబరు ముసురులో కూడా దాన్ని నడిపి, బూజును చేతులారా పెంచుకున్నవాళ్లు ఉన్నారు.

ముందు మీటరును నమ్మొచ్చో లేదో చూడండి

రెండు, మూడు వందల రూపాయల డిజిటల్ మీటర్లు పది శాతం దాకా అబద్ధం చెప్పగలవు. దాన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. సీసా మూతలో వంట ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నీళ్లు చుక్కలుగా కలపండి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతను, మీటరును కలిపి గాలి చొరని జిప్ కవర్లో పెట్టి, ఎండ తగలని చోట రాత్రంతా వదిలేయండి. ఉదయానికి మీటరు 75 శాతం చూపించాలి, ఎందుకంటే ముద్దలా తడిసిన ఉప్పు పైన గాలి మామూలు గది వేడిలో ఎప్పుడూ 75 దగ్గరే నిలుస్తుంది. మీటరు 68 చూపిస్తే, అది ఏడు తక్కువ చెబుతోందని దాని వీపున రాసి అంటించండి. సరిచూసిన మీటర్లు రెండు చాలు. ఒకటి గది మధ్యలో, రెండోది పడమటి గోడకు ఆనుకుని ఉన్న షోకేసు వెనక. రోజుకు మూడుసార్లు రాసుకునే ఓపిక లేకపోతే, గంటగంటకు తానే రాసుకునే డేటా లాగర్ కొనండి. రాత్రి ఏం జరుగుతోందో తెలియాలంటే అదొక్కటే దారి.

శాతం కాదు, గ్రాములు చూడండి

తేమ శాతం అనేది గాలి వేడిని బట్టి మారిపోయే అంకె. గాలిలో అసలు ఎన్ని నీళ్లున్నాయో తెలియాలంటే కిలో గాలిలో ఎన్ని గ్రాముల ఆవిరి ఉందో చూడాలి. సైక్రోమెట్రిక్ చార్టులో గానీ ఫోన్ యాప్‌లో గానీ వేడి, శాతం ఇస్తే ఆ గ్రాములు వచ్చేస్తాయి.

ఇప్పుడు ఆ 42 డిగ్రీల, 25 శాతం గాలినే తీసుకోండి. అందులో దాదాపు 13 గ్రాములున్నాయి. అదే గాలిని ఏసీ గదిలో 26 డిగ్రీలకు చల్లబరిస్తే దాని తేమ 60 శాతం అవుతుంది. ఒక్క చుక్క కలపకుండానే! బయట నోరెండిపోయే గాలి లోపలికొచ్చేసరికి చెక్కకు, తాటాకుకు సరిపోయే గాలి అయిపోయింది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే లెక్క ఇంకో వైపు పోతుంది. 34 డిగ్రీలు, 65 శాతం అంటే 22 గ్రాములు. నవంబరు ముసురులో 26 డిగ్రీలు, 90 శాతం అంటే 19 గ్రాములు. గదిలో మనకు కావాల్సింది 26 డిగ్రీల దగ్గర 55 శాతం, అంటే పదకొండున్నర గ్రాములే.

55 ఎందుకంటారా? పెద్ద మ్యూజియాలు ఒప్పుకున్న బిజో గ్రూపు మార్గదర్శకాల్లో తేమ 40 నుంచి 60 శాతం మధ్య, రోజులో పది శాతం కంటే ఎక్కువ ఊగకుండా ఉంటే చాలు. మన వస్తువులు కోస్తా గాలికి అలవాటుపడి ఏళ్ల తరబడి తేమలో ఉన్నవి కాబట్టి నేను 45 నుంచి 60 మధ్య పెట్టమంటాను. 65 దాటి రోజుల తరబడి నిలిస్తే మాత్రం బూజుకు పిలుపు పంపినట్టే.

మరి హ్యూమిడిఫైయర్ ఎక్కడ నిజంగా కావాలి? రెండు చోట్ల. ఏసీ లేని గది మొదటిది. మధ్యాహ్నం గది 36 డిగ్రీలకు వేడెక్కితే అదే 13 గ్రాముల గాలి 35 శాతానికి పడిపోతుంది. ఉదయగిరి, మార్కాపురం వైపు లోపలి ఊళ్లలో బాగా ఎండిన రోజులు రెండోది. బయట 43 డిగ్రీలు, 15 శాతం ఉంటే ఎనిమిది గ్రాములే మిగులుతాయి. ఏసీ గదిలో కూడా అది 39 శాతమే.

ఎంత మిషన్ కావాలో ఒక గదితో చూద్దాం

గది 30 అడుగులు, 20 అడుగులు, ఎత్తు 11 అనుకుందాం. అందులో గాలి సుమారు 215 కిలోలు. తలుపులు, కిటికీల సందుల్లోంచి గంటకు ఒకసారి గాలి మొత్తం మారుతోందనుకోండి, మన పాత భవనాలకు అది ఎక్కువేమీ కాదు. లోపలి ఊళ్లో ఎండిన రోజున 50 శాతానికి తేవాలంటే కిలోకు రెండున్నర గ్రాములు కలపాలి, అంటే గంటకు అర లీటరు. ఇక్కడో తమాషా ఉంది. మనిషి ఊపిరి, చెమట వల్ల గంటకు 50 గ్రాముల దాకా ఆవిరి వస్తుంది. పది మంది చూడటానికి వస్తే ఆ అర లీటరు వాళ్లే ఇచ్చేస్తారు. కాబట్టి గంటకు లీటరు ఇచ్చే చిన్న మిషన్ ఈ గదికి ధారాళం.

నవంబరులో అదే గదికి తీయాల్సింది కిలోకు ఏడున్నర గ్రాములు, గంటకు 1.6 లీటర్లు, రోజుకు 38 లీటర్లు, మనుషులు తెచ్చేది అదనం. షాపులో 50 లీటర్ల డీహ్యూమిడిఫైయర్ చూసి సరిపోతుందనుకుంటారు. ఆ 50 అనేది సాధారణంగా 30 డిగ్రీలు, 80 శాతం గాలిలో కొలిచిన అంకె. 26 డిగ్రీలు, 55 శాతంలో అది సగం ఇస్తే గొప్ప. రెండో మిషన్ కొనే ముందు తలుపు కింద బ్రష్, కిటికీకి రబ్బరు పట్టీ వేయించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తీయించి ఆ కన్నం మూయించండి. ఆ ఫ్యాన్ లోపలి గాలిని బయటికి తోసినంతా బయటి ఉక్కగాలి సందుల్లోంచి లోపలికి లాగుతుంది. గాలి మార్పు సగానికి తగ్గితే మిషన్ పని కూడా సగమే.

ఏ రకం హ్యూమిడిఫైయర్

ఆన్‌లైన్‌లో ముందు కనబడేది అల్ట్రాసోనిక్. చల్లటి పొగలా చిమ్ముతుంది, చప్పుడు లేదు, చవక. మ్యూజియం గదిలో వద్దే వద్దు. అది నీటిని ఆవిరి చేయదు, సన్నటి తుంపరగా విసురుతుంది, నీటిలో ఉన్నదంతా దానితోపాటే గాలిలోకి పోతుంది. కనిగిరి వైపు బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. టీడీఎస్ వెయ్యి, అంటే లీటరుకు ఒక గ్రాము ఖనిజాలు ఉన్న నీళ్లు గంటకు అర లీటరు చొప్పున పది గంటలు చిమ్మితే ఐదు గ్రాముల తెల్ల పొడి, అంటే ఒక టీ స్పూను, రోజూ గదిలో పడుతుంది. నల్ల గుడ్డతో షోకేసు అద్దం తుడిచి చూస్తే తెల్లగా అంటుకుంటుంది. వెంకటగిరి చీర జరీ మీద అది పడితే దులపడం కూడా కష్టం.

స్టీమ్ మిషన్ నీటిని మరిగిస్తుంది, ఖనిజాలు దాని కుండలోనే ఉండిపోతాయి. పెద్ద ఏసీ డక్టు ఉన్న భవనానికి మంచిదే. కానీ కరెంటు బాగా తాగుతుంది, నీటిలోంచే కరెంటు పంపి మరిగించే ఎలక్ట్రోడ్ రకమైతే ఆర్వో నీళ్లతో పని చేయదు, పైగా సెన్సర్ చెడి ఆగకుండా నడిస్తే గదిని తడిపేస్తుంది.

చిన్న గదికి నా ఓటు ఎవాపరేటివ్ రకానికి. తడి ప్యాడ్ గుండా ఫ్యాన్ గాలి పోతుంది, అంతే. గదిలో తేమ పెరిగేకొద్దీ అది ఇచ్చేది తానే తగ్గిపోతుంది, అందుకే పొరపాటున ఆగకపోయినా నష్టం తక్కువ. ఖనిజాలు ప్యాడ్‌కే పట్టి గట్టిపడతాయి కాబట్టి సీజన్‌కు ఒకసారి ప్యాడ్ మార్చాలి. తొట్టి వారానికోసారి కడిగి ఆరబెట్టాలి, నీళ్లు నిలవుంటే పాకుడు వాసన వచ్చేస్తుంది. ఇదే సూత్రం కదా అని ఎయిర్ కూలర్ పెట్టకండి. దానికి తేమ చూసి ఆగే కంట్రోల్ ఉండదు, మూసిన గదిలో తేమను 80 దాటించేస్తుంది.

హ్యూమిడిఫైయర్‌ను 45 దగ్గర ఆన్, 48 దగ్గర ఆఫ్ అయ్యేలా, డీహ్యూమిడిఫైయర్‌ను 58 దాటాకే నడిచేలా పెట్టండి. మధ్యలో ఖాళీ లేకపోతే ఒకటి పోస్తుంటే ఇంకొకటి తోడుతుంది. ఏసీ కూడా తోడుతుందని మరవద్దు. హ్యూమిడిఫైయర్ నడుస్తున్నప్పుడు ఏసీ డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి చూడండి. అందులో నీళ్లు పడుతుంటే మీరు కలిపింది అలా బయటికి పోతున్నట్టే, ఏసీని రెండు డిగ్రీలు పెంచండి.

గోడలో ఆవిరి అడ్డుపొర ఏ వైపు

దీని గురించి చదివితే ఎక్కువగా చలి దేశాల పద్ధతే దొరుకుతుంది, ప్లాస్టిక్ షీటు గోడకు లోపలి వైపు వేయమంటారు. అక్కడ వెచ్చటి, తేమ గాలి ఇంటి లోపల ఉంటుంది. మన దగ్గర అది బయట ఉంది. ఆవిరి బయటి నుంచి లోపలికి నడుస్తుంది, కాబట్టి అడ్డుపొర బయటి వైపు ఉండాలి.

పైన చెప్పిన సముద్రపు గాలికి డ్యూ పాయింట్ 26 డిగ్రీల పైనే. అంటే ఆ గాలి అంతకంటే చల్లగా ఉన్న దేనికి తగిలినా, చన్నీళ్ల చెంబు బయట పట్టినట్టు నీళ్లు పడతాయి. గదిని 22 డిగ్రీల్లో పెట్టి, లోపల గోడకు వినైల్ వాల్‌పేపరో, పీవీసీ ప్యానెలో, ఎనామిల్ పెయింటో వేశారనుకోండి. ఇటుకలోంచి వచ్చిన ఆవిరి చల్లటి ప్లాస్టిక్ వెనక ఆగి నీరవుతుంది. ముందు నుంచి గోడ అందంగానే ఉంటుంది. ప్యానెల్ ఊడదీస్తే వెనకంతా నల్ల బూజు.

కొత్తగా కడుతుంటే బయటి వైపు నీళ్లు, ఆవిరి రెండూ ఆపే పూత, స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్, లోపల మామూలు ప్లాస్టరు మీద ఆవిరిని పోనిచ్చే డిస్టెంపరు లేదా సున్నం. ఫాల్స్ సీలింగ్ పైన ఖాళీని మరవద్దు, లైట్ల కన్నాల్లోంచి అక్కడి వేడి తేమ గాలి కిందికి దిగుతుంది. ఒక చిన్న సందులోంచి దూరే గాలి, గోడ మొత్తంలోంచి ఇంకే ఆవిరి కంటే ఎక్కువ నీళ్లు తెస్తుంది, అందుకే షీటు ఎంత మందమో కంటే అతుకులు టేపుతో ఎంత బాగా మూశారో ముఖ్యం.

పాత సున్నపు గోడల భవనమైతే బయట ప్లాస్టిక్ పూత కూడా వేయకండి. నేలలోంచి ఎక్కే చెమ్మకు బయటికి దారి లేక చవుడు లోపలికి తేలి గోడ పెచ్చులూడుతుంది. ముందు చెమ్మ ఎటు నుంచో తెలుసుకోండి. రెండు అడుగుల పాలిథిన్ షీటును లోపలి గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. నీళ్లు షీటు వెనక పడితే గోడలోంచి వస్తోంది, ముందు పడితే గది గాలే తడిగా ఉంది. ఇలాంటి భవనంలో గోడతో కుస్తీ పట్టకుండా గదిని 27 డిగ్రీల్లోనే ఉంచి, డీహ్యూమిడిఫైయర్ మీద ఆధారపడటం మేలు.

అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది సాయంత్రం గది మూసేటప్పుడు ఏసీ కట్టేయడం. గోడలు, వస్తువులు ఇంకా చల్లగా ఉంటాయి, బయటి గాలి సందుల్లోంచి వచ్చి వాటికి తగులుతుంది, డేటా లాగర్‌లో తేమ గీత పైకి లేవడం చూస్తే అర్థమవుతుంది. 24 గంటలూ ఏసీ నడిపే బడ్జెట్ లేకపోతే పగలు కూడా 27 కంటే కిందికి దించకండి, రాత్రికి డీహ్యూమిడిఫైయర్ ఒక్కదాన్నే వదిలేయండి. దాని నీటి పైపు బకెట్‌లో కాదు, నేరుగా డ్రెయిన్‌లోకి పోవాలి. బకెట్ నిండితే మిషన్ ఆగిపోతుంది, రాత్రి రెండింటికి ఎవరూ వచ్చి పారబోయరు. తుపాను రోజుల్లో కరెంటు పోయే సూచన ఉంటే తాటాకు ప్రతులను గాలి చొరని పెట్టెల్లో, 50 శాతానికి సరిచేసిన సిలికా జెల్‌తో సహా, ముందురోజే సర్దేయండి. కరెంటు వచ్చాక గదిని మెల్లగా, రోజుకు ఐదు శాతం మించకుండా, మామూలు స్థాయికి దించండి.