విదేశీ బయ్యర్‌కు మొదటి మెయిల్ పంపే ముందు

హైదరాబాద్ నుంచి పోచంపల్లి ఇక్కత్ తానులు ఎగుమతి చేసేవాళ్లు సెండ్ నొక్కే ముందు ఇవి చూసుకోండి.

• కనీస ఆర్డర్ గుండ్రటి అంకెగా రాయొద్దు, పడుగు లెక్కన రాయండి. ఒక పడుగుకు 60 మీటర్ల బట్ట వస్తుందనుకుందాం. బయ్యర్ 25 చాలంటే మిగతా 35 మీటర్లు మీ గోడౌన్‌లోనే ఉంటాయి. డిజైన్ నూలులోనే అద్దేశాం కాబట్టి మార్చడం కుదరదు. అందుకే “డిజైన్‌కు 60 మీటర్లు, ఆపైన 120” అని కారణంతో సహా రాయండి. కారణం చెబితే బేరం తగ్గుతుంది. తక్కువ కావాలంటే రెడీ స్టాక్ చూపండి.

• శాంపిల్ ఫ్రీనా, కొరియర్ ఎవరిది, ఆ ఖర్చు మొదటి ఆర్డర్ బిల్లులో తగ్గిస్తారా, ముందే తేల్చండి. అదే తానులోంచి ఒక ముక్క తేదీ రాసి మీ దగ్గర ఉంచుకోండి, రేపు రంగు తేడా అంటే అదే సాక్ష్యం. ఇక్కత్‌లో డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయని కూడా రాయండి. లేదంటే దాన్నే డ్యామేజ్ అంటారు.

• ఐఈసీ నంబర్ ఇవ్వండి, డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో సరిచూసుకుంటారు. అందులోని పేరు, మెయిల్ కింద పేరు ఒకటే ఉండాలి. బ్యాంకు వివరాలు మాత్రం ఇప్పుడే వద్దు, ప్రొఫార్మా ఇన్‌వాయిస్‌లో ఇవ్వొచ్చు.